బడ్జెట్ వల్ల పోయిన 40%, ర్యాంక్ వల్ల పోయిన 25%: ఈ రెండు అంకెల్ని ఎలా చదవాలి

ప్రశ్న: సార్, హైదరాబాద్‌లో ఒక ఏసీ సర్వీస్ వాళ్ళ గూగుల్ సెర్చ్ క్యాంపెయిన్ చూస్తున్నాను. మాన్యువల్ సీపీసీ, అంటే క్లిక్‌కి బిడ్ మేమే పెడతాం, రోజు బడ్జెట్ ₹1,500. గత 7 రోజుల్లో 4,200 ఇంప్రెషన్లు, 252 క్లిక్‌లు, 21 కాల్స్ వచ్చాయి, ఖర్చు ₹10,500. ఇంప్రెషన్ షేర్ 35%, బడ్జెట్ వల్ల పోయింది 40%, ర్యాంక్ వల్ల పోయింది 25% అని చూపిస్తోంది. ఓనర్ "బడ్జెట్ పెంచితే 75% వస్తుందా?" అని అడుగుతున్నారు. బడ్జెట్ పెంచమని చెప్పాలా, బిడ్లు పెంచాలా?

సమాధానం:

75% వస్తుందని మాత్రం ఓనర్ గారికి మాట ఇవ్వకండి. మీ అంకెల ప్రకారం బడ్జెట్ అడ్డం పూర్తిగా తీసేసినా 58% దగ్గర ఆగే అవకాశమే ఎక్కువ. బిడ్లు పెంచడమైతే ఇప్పుడు అసలే వద్దు. ముందు బిడ్లు కొంచెం తగ్గించి చూడండి, బడ్జెట్ సంగతి ఆ తర్వాత. ఇది తలకిందులుగా అనిపిస్తుందని తెలుసు, అందుకే లెక్కతో సహా చెబుతాను.

ముందుగా శాతాల్ని పక్కన పెట్టి వాటిని మనుషులు వెతికిన సంఖ్యలోకి మార్చుకోండి. 4,200 ఇంప్రెషన్లు అంటే 35% కాబట్టి, మీ యాడ్ కనిపించడానికి అర్హత ఉన్న సందర్భాలు మొత్తం 4,200 ÷ 0.35, అంటే 12,000. అందులో 40% అంటే 4,800 సందర్భాల్లో డబ్బు చాలక యాడ్ రాలేదు. 25% అంటే 3,000 సందర్భాల్లో యాడ్ ఆ వెతుకులాటకు జరిగే ఆక్షన్‌లోకి వెళ్ళింది కానీ, బిడ్, యాడ్ నాణ్యత లాంటివి కలిపి గూగుల్ లెక్కగట్టే యాడ్ ర్యాంక్ చాలక కనిపించలేదు. మొదటిది షాపు షట్టర్ దించి ఉండటం, రెండోది షట్టర్ తీసే ఉన్నా కస్టమర్ పక్క షాపులోకి వెళ్ళిపోవడం.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. షట్టర్ దించి ఉన్న 4,800 సందర్భాల్లో మీ ర్యాంక్ సరిపోయేదో లేదో ఇంకా తేలలేదు. తేలింది మిగతా 7,200 సందర్భాల్లోనే. ఆ 7,200లో 4,200 సార్లు కనిపించారు, 3,000 సార్లు ఓడిపోయారు. అంటే మీరు నిజంగా పోటీలో దిగిన చోట గెలుపు 58%, ఓటమి 42%. రిపోర్ట్‌లో ర్యాంక్ నష్టం 25%గా చిన్నగా కనిపించడానికి కారణం మీ ర్యాంక్ బాగుండటం కాదు, నూటికి నలభై ఆక్షన్లకు మీరు వెళ్ళనే లేదు. ఈ లెక్కను సూత్రంగా రాసుకుంటే ఇంత:

```
పోటీలో గెలుపు = ఇంప్రెషన్ షేర్ ÷ (100 − బడ్జెట్ నష్టం)
            = 35 ÷ (100 − 40) = 58.3%
```

కాబట్టి బడ్జెట్ విప్పేస్తే ఆ 12,000 సందర్భాల్లోనూ ఇదే గెలుపు ఉంటుందనుకుంటే 7,000 ఇంప్రెషన్లు వస్తాయి. మీ సీటీఆర్, అంటే కనిపించిన వాటిలో క్లిక్ అయిన వాటా, 6%, కాబట్టి 420 క్లిక్‌లు. క్లిక్ సగటు ₹41.67 చొప్పున వారానికి ₹17,500, అంటే రోజుకు ₹2,500. ఓనర్ గారు అనుకుంటున్న 75% లెక్క ప్రకారం వెళ్ళి ఉంటే 9,000 ఇంప్రెషన్లకు రోజుకు ₹3,200 పైనే అడిగి ఉండేవారు. రెండు లెక్కల మధ్య రోజుకు ₹700 తేడా. 75% అనేది పైకప్పు మాత్రమే, పోయిన 4,800 సందర్భాల్లో ఒక్కటి కూడా ర్యాంక్‌లో ఓడిపోకపోతే వచ్చే సంఖ్య. 58% అనేది ఇప్పటి తీరు ఇలాగే కొనసాగితే వచ్చేది. నిజం ఈ రెండింటి మధ్యలో, నా అనుభవంలో కింది అంకెకు దగ్గరగా ఉంటుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మీరు కనిపిస్తున్న గంటలు, కనిపించని గంటలు ఒకే రకంగా ఉంటేనే ఈ లెక్క సరిగ్గా పనిచేస్తుంది. బడ్జెట్‌ని వీలైనంత త్వరగా ఖర్చు పెట్టే యాక్సిలరేటెడ్ డెలివరీని గూగుల్ 2019లో సెర్చ్ క్యాంపెయిన్లకు తీసేసింది. అప్పటి నుంచి ఉన్నది స్టాండర్డ్ డెలివరీ ఒక్కటే. అది డబ్బును రోజంతా సర్దడానికి చూస్తుంది కాబట్టి మధ్యాహ్నానికే బడ్జెట్ అయిపోయి యాడ్ పూర్తిగా ఆగిపోవడం మునుపటిలా ఉండదు, మధ్యమధ్యలో కొన్ని ఆక్షన్లు వదిలేస్తూ పోతుంది. అయినా ఒకసారి గంటలవారీ సెగ్మెంట్ పెట్టి ఇంప్రెషన్లు, ఖర్చు చూసుకోండి. ఏసీ రిపేర్‌కి ఫోన్లు ఎక్కువ వచ్చే సాయంత్రం వేళ ఇంప్రెషన్లు పలచబడితే మీరు పోగొట్టుకుంటున్నది సగటు కస్టమర్ని కాదు, మంచి కస్టమర్ని. అప్పుడు యాడ్ షెడ్యూల్ పెట్టి, కాల్ ఎత్తడానికి మనిషి లేని అర్ధరాత్రి గంటల్ని ఆపేసుకోవచ్చు. బడ్జెట్ రూపాయి పెంచకుండానే కొంత నష్టం అక్కడే తగ్గుతుంది.

ఇప్పుడు ముందే హెచ్చరించాల్సిన విషయం. ₹2,500కి పెంచాక మీ రిపోర్ట్‌లో బడ్జెట్ నష్టం సున్నాకు వస్తుంది, ర్యాంక్ నష్టం 25% నుంచి 42% దాకా పెరుగుతుంది. ఓనర్ గారు స్క్రీన్‌షాట్ పంపి "డబ్బులు పెంచితే ర్యాంక్ పడిపోయిందేంటి?" అంటారు. ర్యాంక్ పడిపోలేదు. అదే 42% ఓటమి ఇప్పుడు మొత్తం 12,000 మీద కనిపిస్తోంది, అంతకు ముందు 7,200 మీదే కనిపించేది. బడ్జెట్ మార్చకముందే ఈ మాట మెయిల్‌లో రాసి పెట్టండి, తర్వాత టెన్షన్ ఉండదు.

బిడ్లు పెంచితే ఎందుకు నష్టమో ఇదే లెక్కలో చూడండి. మీకు వారానికి ఉన్నది ₹10,500, అది ఎలాగూ మొత్తం ఖర్చవుతోంది. బిడ్లు పెంచి క్లిక్ సగటు ₹50కి చేరితే అదే డబ్బుకు 210 క్లిక్‌లే వస్తాయి, ఇప్పటికంటే 42 తక్కువ. ర్యాంక్ నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది, ఆ తగ్గిందంతా బడ్జెట్ నష్టంలోకి వెళ్ళి చేరుతుంది. డబ్బు పరిమితిగా ఉన్న క్యాంపెయిన్‌లో బిడ్ పెంచడమంటే తక్కువ మందికి ఎక్కువ డబ్బు పెట్టి కనిపించడమే.

తగ్గిస్తే? క్లిక్ సగటు ₹35కి వస్తే అదే ₹10,500కి 300 క్లిక్‌లు. ఇప్పుడు మీకు 12 క్లిక్‌లకు ఒక కాల్ వస్తోంది. ఆ నిష్పత్తి నిలబడితే 25 కాల్స్, కాల్ ఒక్కింటికి ₹500 బదులు ₹420. ఓనర్ గారి జేబులోంచి అదనంగా రూపాయి తీయలేదు. బడ్జెట్ నష్టం ఎక్కువగా ఉన్న ఏ మాన్యువల్ క్యాంపెయిన్‌లోనైనా నేను ముందు వెతికేది ఈ డబ్బునే. గూగుల్ సిఫార్సుల పేజీ మాత్రం "Limited by budget" అని చూపించి బడ్జెట్ పెంచమంటుంది. అది తప్పు సమాచారం కాదు, కానీ అదొక్కటే దారి కాదు.

అయితే బిడ్‌ను 16% తగ్గిస్తే క్లిక్ ధర సరిగ్గా 16% తగ్గుతుందని అనుకోకండి. మీరు కట్టేది మీ బిడ్ కాదు, ఆ ఆక్షన్‌లో మీ స్థానం నిలబెట్టుకోవడానికి కావలసినంత మాత్రమే. పైగా కిందికి జరిగితే సీటీఆర్ కూడా తగ్గుతుంది. అందుకని ఒకేసారి కోసేయకుండా 10% తగ్గించి ఒక వారం ఆగండి, మళ్ళీ 10% తగ్గించి ఇంకో వారం చూడండి. ఎక్కడ ఆపాలో రిపోర్టే చెబుతుంది. బడ్జెట్ నష్టం 5–10%కి దిగి, రోజు ఖర్చు ఇంకా ₹1,500 చుట్టూనే ఉంటే అక్కడ ఆపండి. ఖర్చు ₹1,500 కంటే తగ్గిపోయి, బడ్జెట్ నష్టం సున్నా అయి, ర్యాంక్ నష్టం 50% దాటిపోతే మీరు అతిగా తగ్గించారు, ఒక మెట్టు వెనక్కి రండి.

ఇక ర్యాంక్ నష్టం దగ్గరికి. క్యాంపెయిన్ స్థాయిలో కనిపించే 25% సగటు అంకె. సగటు వెనక ఏముందో చూడాలంటే కీవర్డ్స్ ట్యాబ్‌లోకి వెళ్ళి `Search impr. share`, `Search lost IS (rank)` కాలమ్స్ పెట్టుకోండి. బడ్జెట్ నష్టం కాలమ్ కోసం అక్కడ వెతకకండి, అది క్యాంపెయిన్ స్థాయిలోనే ఉంటుంది. బడ్జెట్ క్యాంపెయిన్‌ది కదా, కీవర్డ్‌ది కాదు. కీవర్డ్ దగ్గర ఆ రెండూ కూడి 100 లోంచి తీసేస్తే మిగిలేదాన్ని బడ్జెట్ వాటాగా చదువుకోవచ్చు.

మీ ఖాతాలో ఇలా ఉందనుకుందాం. `ac repair near me` తరహా కీవర్డ్‌లకు ఇంప్రెషన్ షేర్ 52%, ర్యాంక్ నష్టం 8%. `ac gas filling` తరహా కీవర్డ్‌లకు ఇంప్రెషన్ షేర్ 15%, ర్యాంక్ నష్టం 45%. రెండు చోట్లా మిగిలింది 40%, అది బడ్జెట్. ఇందాకటి సూత్రమే వేయండి. మొదటి రకంలో పోటీకి దిగిన చోట 87% గెలుస్తున్నారు, రెండో రకంలో 25%. మీ 58% నీళ్ళూ పాలూ కలిసినట్టు ఈ రెండూ కలిసిన సగటు, విడిగా ఏ కీవర్డ్‌కీ వర్తించని లెక్క. మొదటి రకానికి ర్యాంక్ సమస్యే లేదు. బిడ్ తగ్గించాల్సింది అక్కడే, ఎందుకంటే 87% గెలుపు ఉన్నచోట మీరు అవసరానికి మించి కడుతూ ఉండే అవకాశం ఎక్కువ. `Search abs. top IS` కాలమ్ కూడా పక్కనే పెట్టి చూడండి. అన్నిటికంటే పైన కనిపించే వాటా కూడా అక్కడ ఎక్కువగా ఉంటే అనుమానం తీరిపోతుంది. ఏసీ చల్లబడక ఇంట్లో అందరూ విసిగిపోయి ఉన్న మనిషి రెండు మూడు నంబర్లకు ఫోన్ చేస్తాడు, మొదటి యాడ్ దగ్గరే ఆగిపోడు.

రెండో రకంలో బిడ్ జోలికి వెళ్ళేముందు, గూగుల్ మీ యాడ్ నాణ్యతకు ఇచ్చే మార్కు, అంటే క్వాలిటీ స్కోర్ కాలమ్స్ తెరవండి. అంకె ఒక్కటే కాదు, దాని కింది మూడు భాగాలు కూడా: ఎక్స్‌పెక్టెడ్ సీటీఆర్, యాడ్ రెలెవెన్స్, ల్యాండింగ్ పేజీ ఎక్స్‌పీరియెన్స్. యాడ్ ర్యాంక్‌లో బిడ్‌తో పాటు యాడ్ నాణ్యత, ఆ ఆక్షన్‌లో పోటీ, వెతికిన సందర్భం, కాల్, సైట్‌లింక్ లాంటి అసెట్స్ వల్ల వచ్చే ప్రభావం అన్నీ ఉంటాయి. పైగా కనిపించడానికి కనీస అర్హత లాంటి ఒక గడప కూడా ఉంటుంది, అది దాటకపోతే పోటీదారు లేకపోయినా యాడ్ రాదు. అందుకే ర్యాంక్ నష్టం అనగానే ఎవరో మనకంటే ఎక్కువ బిడ్ వేశారనుకోనక్కర్లేదు.

ఇలాంటి ఖాతాల్లో నాకు తరచూ కనిపించేది ఒకే యాడ్ గ్రూప్‌లో రిపేర్, గ్యాస్, ఇన్‌స్టలేషన్, ఏఎంసీ అన్నీ కుక్కేసి ఉండటం. గ్యాస్ ఫిల్లింగ్ అని వెతికిన వాళ్ళకు "హైదరాబాద్‌లో బెస్ట్ ఏసీ సర్వీస్" అనే హెడ్‌లైన్ కనిపిస్తుంది, నొక్కితే హోమ్ పేజీకి వెళ్తుంది, అక్కడ గ్యాస్ గురించి ఒక్క ముక్క ఉండదు. యాడ్ రెలెవెన్స్ దగ్గర "Below average" అని ఉంటే ఇదే సంగతి. వీటిని వేరే యాడ్ గ్రూప్‌లోకి తీసి, హెడ్‌లైన్‌లో గ్యాస్ ఫిల్లింగ్ అన్న మాట పెట్టి, పేజీలో ఏ గ్యాస్ నింపుతారో, లీక్ చెకింగ్ చేస్తారో లేదో, ధర ఎక్కడి నుంచి మొదలవుతుందో రాయించండి. R32, R410A, R22 అని పేర్లతో సహా రాస్తే మంచిది, చాలామంది ఏసీ మీది స్టిక్కర్ చూసి అలాగే టైప్ చేస్తారు. ఈ పని చేశాక అదే బిడ్‌కి ర్యాంక్ నష్టం తగ్గడం మొదలైతే రోగం నాణ్యతలో ఉన్నట్టు. మూడు భాగాలూ "Average" లేదా పైనే ఉండి కూడా 45% పోతుంటే అప్పుడు అది బిడ్ సమస్య. గ్యాస్ పని ఓనర్‌కి ఎంత మిగిలిస్తుందో అడిగి, మిగిలితేనే బిడ్ పెంచండి. గ్యాస్ పనికి వచ్చే బిల్లు, మామూలు సర్వీస్‌కి వచ్చే బిల్లు ఒకటి కాదు కదా, కాల్‌కి ₹500 అనే ఒకే కొలతతో రెండింటినీ కొలవకూడదు.

ఈ రెండు రకాల్ని రెండు క్యాంపెయిన్లుగా విడగొట్టడం కూడా ఆలోచించండి. అప్పుడు బడ్జెట్ నష్టం ఎక్కడిదో సూటిగా కనిపిస్తుంది, గ్యాస్ పనికి విడిగా డబ్బు కేటాయించవచ్చు. రెండింటినీ ఒకే డబ్బు పంచుకునే షేర్డ్ బడ్జెట్ కింద పెట్టారంటే మాత్రం విడగొట్టిన లాభం పోతుంది, ఒకటి తినేసిన డబ్బుకు రెండోదాంట్లో నష్టం కనిపిస్తుంది.

ఇంతకీ ఆ 12,000 అనే సంఖ్య మీద కూడా కొంచెం అనుమానం ఉంచండి. అది గూగుల్ అంచనా. మీ కీవర్డ్‌లు, మ్యాచ్ టైప్‌లు, లొకేషన్, బిడ్, యాడ్ నాణ్యత వీటన్నిటినీ బట్టి మీకు ఎన్ని సందర్భాల్లో అర్హత ఉందో అది లెక్కగడుతుంది. కీవర్డ్‌కి సంబంధించిన వేరే వెతుకులాటలకూ యాడ్ చూపించే బ్రాడ్ మ్యాచ్ వాడుతుంటే అందులో చెత్త కూడా కలుస్తుంది. సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిచి చూడండి, ఏసీ మెకానిక్ కోర్సు కోసం వెతికినవాళ్ళు, ఏసీ టెక్నీషియన్ ఉద్యోగం కావలసినవాళ్ళు, సెకండ్ హ్యాండ్ ఏసీ కొనాలనుకునేవాళ్ళు, కారు ఏసీ బాగు చేయించుకోవాలనుకునేవాళ్ళు తప్పకుండా తగులుతారు. వీళ్ళ దగ్గర ఓడిపోతే అది నష్టమే కాదు. `Search exact match IS` కాలమ్ ఇక్కడ ఉపయోగపడుతుంది. మీ కీవర్డ్‌తో సరిగ్గా సరిపోయిన వెతుకులాటల్లో మీ వాటా అది చెబుతుంది. మొత్తం షేర్ 35% ఉండి ఎగ్జాక్ట్ షేర్ దానికంటే బాగా పైన ఉంటే, మీరు పోగొట్టుకుంటున్నది ఎక్కువగా అంచుల్లో ఉన్న వెతుకులాటల్నే అని అర్థం.

ఇలాంటి మాటలకు యాడ్ రాకుండా ఆపే నెగటివ్ కీవర్డ్‌లు పెడితే రెండు విధాలా లాభం. చెత్త క్లిక్‌లకు పోయే డబ్బు ఆగి, ఆ మేరకు బడ్జెట్ నష్టం తగ్గుతుంది. షేర్ లెక్కలో భాగించే ఆ 12,000 కూడా చిన్నదవుతుంది, షేర్ పెరుగుతుంది. లొకేషన్ సంగతీ అంతే. వాళ్ళ మెకానిక్‌లు మియాపూర్, కూకట్‌పల్లి, కొండాపూర్ వైపే తిరుగుతుంటే హైదరాబాద్ అంతటికీ యాడ్ పెట్టి ఎల్బీ నగర్‌లో ఇంప్రెషన్ షేర్ తగ్గిందని బాధపడటం ఎందుకు? లొకేషన్ ఆప్షన్ "Presence or interest" మీద వదిలేసి ఉందేమో కూడా చూడండి. కొత్త క్యాంపెయిన్‌లో మామూలుగా అదే ఉంటుంది. దాన్ని "Presence" మీదికి మారిస్తే బయట ఊళ్ళలో కూర్చుని హైదరాబాద్ గురించి వెతికేవాళ్ళు చాలావరకు తగ్గుతారు.

ఇదంతా మాన్యువల్ బిడ్డింగ్ సంగతి. ఎవరో ఒకరు మీకు "మ్యాగ్జిమైజ్ క్లిక్స్‌కో, మ్యాగ్జిమైజ్ కన్వర్షన్స్‌కో మార్చేయండి, బడ్జెట్ నష్టం పోతుంది" అని చెబుతారు. నిజమే, చాలావరకు పోతుంది. కానీ దాని అర్థం మారిపోతుంది. ఆ పద్ధతుల్లో బిడ్ వేసేది సిస్టమ్. ఇచ్చిన డబ్బు రోజంతా సరిపోయేలా అదే బిడ్లను సర్దుకుంటుంది, డబ్బు తక్కువైతే బిడ్లు తగ్గించేస్తుంది. బిడ్ తగ్గితే ఓడిపోతారు, ఆ ఓటమి ర్యాంక్ ఖాతాలో పడుతుంది. అంటే డబ్బు చాలకపోవడమే ర్యాంక్ నష్టం వేషంలో కనిపిస్తుంది. రిపోర్ట్ చూసి "బడ్జెట్ 3%, ర్యాంక్ 60%, కాబట్టి యాడ్ బాగాలేదు" అని తేల్చి యాడ్ కాపీలు మార్చుకుంటూ కూర్చునేవాళ్ళను చూశాను. యాడ్ బాగానే ఉంది, సిస్టమ్ చేతిలో డబ్బు లేదు.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఖర్చు రోజూ బడ్జెట్‌కి ఆనుకునే ఉండి ర్యాంక్ నష్టం ఎక్కువగా ఉంటే అనుమానించండి. బడ్జెట్ కొంచెం పెంచి రెండు వారాలు ఆగండి. క్లిక్ సగటు ధర పెరిగి ర్యాంక్ నష్టం తగ్గితే అది డబ్బు సమస్యే. గమనించారా, మాన్యువల్‌లో బడ్జెట్ పెంచితే ర్యాంక్ నష్టం పెరుగుతుంది, ఈ పద్ధతుల్లో అదే పని చేస్తే తగ్గుతుంది. ఒకే అంకె, ఒకే మార్పు, ఎదురెదురు దిశలు. అందుకే ఎవరైనా నాకు ఈ రెండు కాలమ్స్ స్క్రీన్‌షాట్ పంపితే మొదట అడిగేది బిడ్డింగ్ పద్ధతి ఏమిటనే. అది తెలియకుండా ర్యాంక్ నష్టం గురించి సలహా చెప్పలేం.

టార్గెట్ సీపీఏ, అంటే ఒక్కో కాల్‌కి సగటున ఇంత ధరలోనే తెమ్మని చెప్పే పద్ధతి పెట్టిన క్యాంపెయిన్ మూడో రకం. అక్కడ ఖర్చు బడ్జెట్‌ని తాకకుండా, బడ్జెట్ నష్టం సున్నా, ర్యాంక్ నష్టం కొండంత ఉంటే టార్గెట్ మరీ తక్కువ పెట్టారని ముందు అనుకోండి. ₹500కి వచ్చే కాల్‌ని ₹250కే తెమ్మంటే అది చాలా ఆక్షన్లలో గెలిచేంత బిడ్ వేయదు. మీ ఖాతాకు ఇప్పుడు ఇది వర్తించదు, వారానికి 21 కాల్స్‌తో, అవి సరిగ్గా కన్వర్షన్లుగా నమోదవుతున్నాయో లేదో చూసుకోకుండా అటు వెళ్ళమని నేను చెప్పను.

వారం వారం పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఏసీ పని సీజన్ పని. ఏప్రిల్‌లో వెతికేవాళ్ళు వారం వారం పెరుగుతుంటారు. వచ్చే వారం మీ ఇంప్రెషన్లు 4,480, షేర్ 28% అని కనిపించిందనుకోండి. షేర్ పడిపోయిందని కంగారు పడే ముందు భాగించండి: 4,480 ÷ 0.28 అంటే 16,000. మార్కెట్ 12,000 నుంచి 16,000కి పెరిగింది, మీ బడ్జెట్ అక్కడే ఉంది కాబట్టి వాటా చిన్నదైంది. మీ పనిలో లోపం ఏమీ లేదు. అదే 12,000 అలాగే ఉండి, మీ బిడ్లూ క్వాలిటీ స్కోర్లూ మారకుండా, ర్యాంక్ నష్టం మాత్రం పెరిగితే ఎవరో కొత్తగా దిగారు లేదా పాతవాళ్ళు బిడ్లు పెంచారు. ఆక్షన్ ఇన్‌సైట్స్ రిపోర్ట్‌లో రెండు వారాల్ని పక్కపక్కన పెడితే ఏ డొమైన్ కొత్తగా వచ్చిందో, ఎవరితో పోటీలో మీరు పైన నిలిచే వాటా, అంటే ఔట్‌ర్యాంకింగ్ షేర్, తగ్గిందో తెలిసిపోతుంది.

రోజువారీగా కూడా ఒకసారి చూడండి. వారం మొత్తానికి 40% బడ్జెట్ నష్టం అంటే రోజూ 40% అనుకోకూడదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా 25%, శని ఆదివారాల్లో 65% ఉండొచ్చు, ఇళ్ళలో ఉండేది అప్పుడే కదా. అలా ఉంటే ఏడు రోజులకూ బడ్జెట్ పెంచనవసరం లేదు. గూగుల్ ఒక్కో రోజు మీ రోజు బడ్జెట్‌కి రెండింతల దాకా ఖర్చు పెట్టగలదు, నెల మొత్తం మీద 30.4 రెట్లు దాటనివ్వదు. మీకైతే ₹1,500 × 30.4, అంటే ₹45,600. కాబట్టి ఒక రోజు ₹2,400 ఖర్చయి, ఇంకో రోజు ₹1,100కే ఆగి, ఆ రోజు కూడా బడ్జెట్ నష్టం చూపిస్తే తికమక పడకండి. ఇంప్రెషన్ షేర్ అంకెలు ఆలస్యంగా నిండుతాయి, అందుకని ఇవాళ్టివి, నిన్నటివి వదిలేసి మొన్నటి వరకు తీసుకోండి.

అంకెల చివర ఒక చిన్న చిక్కు. షేర్ 10% కంటే తక్కువైతే `< 10%` అని, నష్టం 90% దాటితే `> 90%` అని మాత్రమే చూపిస్తుంది. ఆ వరుసల మీద భాగహారం చేయకండి, 9% అయినా 1% అయినా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వచ్చే సంఖ్యకు అర్థం ఉండదు.

మీ విషయంలో నేనైతే ఈ క్రమంలో వెళ్తాను. ఈ వారం నెగటివ్‌లు, లొకేషన్, రాత్రి గంటలు సరిచేసి ఇంకేమీ ముట్టుకోను. వచ్చే వారం గ్యాస్ కీవర్డ్‌లను వేరే యాడ్ గ్రూప్‌లోకి తీసి, రిపేర్ కీవర్డ్‌ల బిడ్లు 10% తగ్గిస్తాను, ఆ తర్వాతి వారం అవసరమైతే ఇంకో 10%. అప్పటికీ బడ్జెట్ నష్టం 20% పైన ఉండి, కాల్ ధర ₹420–450 మధ్యకు వచ్చి ఉంటే అప్పుడు ఓనర్ గారి దగ్గరికి కొత్త లెక్కతో వెళ్తాను. ఇప్పుడు అడిగితే రోజుకు ₹2,500 అడగాలి, అప్పుడు అంతకంటే తక్కువే సరిపోవచ్చు. పెంచేటప్పుడు కూడా ముందు ₹1,900–2,000 దాకా పెంచి, అదనంగా పెట్టిన డబ్బుకు అదనంగా ఎన్ని కాల్స్ వచ్చాయో విడిగా లెక్కేస్తాను. పాతవి కొత్తవి కలిపి సగటు తీస్తే చివరి ₹500 ఎంత ఖరీదైన కాల్స్ తెచ్చిందో దాక్కుండిపోతుంది.

ఓనర్‌కి పంపే నెల రిపోర్ట్‌లో రెండు క్యాంపెయిన్ల షేర్‌లను కలిపి సగటు మాత్రం రాయకండి. ఒకదానికి 90%తో 900 ఇంప్రెషన్లు, ఇంకోదానికి 20%తో 1,800 ఇంప్రెషన్లు ఉంటే సగటు 55% అని ఎక్సెల్ చెబుతుంది. అసలు లెక్క వేరు: మొదటిదాని అర్హత 1,000, రెండోదానిది 9,000, మొత్తం 10,000లో 2,700 వచ్చాయి, కాబట్టి 27%. విడగొట్టాక మీకు రెండు క్యాంపెయిన్లు ఉంటాయి కాబట్టి ఈ కాలమ్ ఇప్పుడే షీట్‌లో పెట్టుకోండి: ఇంప్రెషన్లు ÷ షేర్. మిగతా శాతాలన్నీ దాని మీదే వేయండి.